గోరింటాకు నల్లగా పండదు: చేతి మీద కోన్‌కీ, తలకు వేసే రంగుకీ ఉన్న లంకె

కడపలో పెళ్ళిళ్ల సీజన్ వచ్చినా, రంజాన్ ఆఖరి రోజులు వచ్చినా, వై.వి. స్ట్రీట్‌లో ఫ్యాన్సీ షాపుల ముందు మెహందీ కోన్ల డబ్బాలు బయటికొచ్చేస్తాయి. కొనేవాళ్లలో రెండు రకాలుంటారు. కొందరికి రాత్రంతా ఉంచుకుని పొద్దున్నే కడుక్కునే ఎర్ర కోన్ కావాలి. ఇంకొందరికి అంత ఓపిక ఉండదు, అరగంటలో కాటుకలా దిగేది కావాలి. షాపువాళ్లు రెండింటినీ మెహందీ అనే అమ్ముతారు. పక్కపక్కనే పెట్టి, దాదాపు ఒకే ధరకు.

అయితే గోరింటాకులో నల్లరంగు లేదు. ఏ ఊరి ఆకైనా, ఎంత ముదురు ఆకైనా, ఎంతసేపు ఉంచినా అది నారింజ నుంచి ఎరుపుకి, ఎరుపు నుంచి ముదురు గోధుమకి వెళ్తుంది, అక్కడితో ఆగిపోతుంది. అరగంటలో నల్లగా దిగిందంటే అది ఆకు పని కాదు, అందులో కలిపిన ఇంకేదో రసాయనం పని. ఆ ఇంకేదో చాలాసార్లు తలకు వేసుకునే నల్లరంగులో ఉండే పదార్థమే. చేతి మీద ఒక్కరోజు ముచ్చటకి పెట్టుకున్నది ఇరవై ఏళ్ల తర్వాత తలకి రంగు వేసుకునే రోజున బయటపడుతుంది. చాలామంది పట్టించుకోని లంకె ఇదే.

ముందు అసలు ఆకు ఎలా పండుతుందో చూద్దాం. గోరింటాకులో రంగునిచ్చే పదార్థం పేరు లాసోన్. ఎండు ఆకులో అది ఉండేది సుమారు 1 నుంచి 2 శాతం. అది కూడా ఆకులో నేరుగా రంగుగా ఉండదు, చక్కెర లాంటి పదార్థంతో ముడిపడి ఉంటుంది. ఆకుని రోట్లో మెత్తగా నూరినప్పుడు, పొడిని తడిపి నానబెట్టినప్పుడు ఆ ముడి విడిపోతుంది. చింతపండు పులుసో నిమ్మరసమో కలపడం వెనక కారణం ఉంది. పులుపు ఉంటే రంగు మెల్లగా, నిలకడగా విడుదలవుతుంది, గాలి తగిలి ముందే పాడైపోదు. అలా విడుదలైన లాసోన్ చర్మం పైపొరలో, గోళ్లలో, వెంట్రుకల్లో ఉండే కెరటిన్ అనే ప్రొటీన్‌ని పట్టుకుంటుంది. ఒకసారి పట్టుకుంటే సబ్బుతో పోదు. ఆ పొర అరిగి రాలిపోయినప్పుడే రంగూ పోతుంది. అరచేతిలో పైపొర మందం కాబట్టి అక్కడ బాగా ఎర్రగా పండుతుంది, చేతి వెనకవైపు పల్చగా పండుతుంది. పూసిన మనిషి చేతివాటానికి దీనితో సంబంధం లేదు.

ముద్ద తీసేసిన వెంటనే కనిపించేది నారింజ రంగు. చాలామంది అది చూసి 'సరిగా పండలేదే' అని డీలా పడిపోతారు. నిజానికి రంగు ముదరడానికి ఇంకా 24 నుంచి 48 గంటలు పడుతుంది, చర్మంలో చేరిన లాసోన్ గాలి తగులుతూ నెమ్మదిగా గోధుమ ఎరుపుకి మారుతుంది. మొదటి రోజు నీళ్లు, సబ్బు తగలకుండా చూసుకోమని పెద్దవాళ్లు చెప్పేది అందుకే. పెళ్లికూతురికి ముహూర్తానికి రెండు రోజుల ముందు పెట్టే అలవాటు కూడా దీనికి సరిగ్గా సరిపోతుంది. ఎండిపోయిన ముద్ద మీద చక్కెర నీళ్లు అద్దితే అది పొడిపొడిగా రాలిపోకుండా చర్మానికి అంటుకుని ఉంటుంది. కడప ఎండల్లో ఇది మరీ అవసరం, గంట తిరక్కుండానే ముద్ద బిరుసెక్కి పెళుసులు పెళుసులుగా రాలిపోతుంది. నీలగిరి తైలం నాలుగు చుక్కలు వేస్తే రంగు ఇంకాస్త ముదురుతుంది. ఇవన్నీ చేసినా పని జరగడానికి కనీసం నాలుగైదు గంటలు కావాలి. ఎర్రగా పండితే మంచి మొగుడొస్తాడని ఆటపట్టించే మాట ఉంది కదా, ఆ మొగుడి కోసం ఒక రాత్రి కాచుకోవాల్సిందే.

నల్ల కోన్‌కి ఆ కాచుకోవడం లేదు. దాని పని అరగంట నుంచి గంటలో అయిపోతుంది. అందులో ఎక్కువగా కలిపేది పారా ఫినైలీన్ డయామిన్, పొట్టిగా పి.పి.డి. తలకు వేసే నల్లరంగు డబ్బాలన్నిటి మీదా కాకపోయినా చాలావాటి మీద ఈ పేరు కనిపిస్తుంది. మరి తలకు పనికొచ్చింది చేతికి ఎందుకు పనికిరాదు అన్న ప్రశ్న సహజమే. తేడా మూడు చోట్ల ఉంది. మొదటిది మోతాదు. తలరంగులో పి.పి.డి. ఎంత ఉండాలన్న దానికి యూరప్‌లో హద్దు ఉంది: తల మీద పూసే సమయానికి 2 శాతం మించకూడదు. చర్మం మీద బొమ్మలు వేయడానికి అక్కడ అసలు అనుమతే లేదు. నల్ల మెహందీలకు పరీక్షలు చేసినప్పుడు 15 శాతం దాటినవి కూడా దొరికాయి. రెండోది, తలరంగులో పి.పి.డి.తో పాటు పెరాక్సైడ్ లాంటి ఇంకో పదార్థం కలుస్తుంది, దానివల్ల పి.పి.డి. చాలావరకు త్వరగా పెద్ద రంగు అణువులుగా మారిపోయి వెంట్రుకలో ఇరుక్కుంటుంది. చేతి కోన్‌లో ఆ రెండో పదార్థం ఉండదు. మారకుండా మిగిలిన పి.పి.డి. నేరుగా చర్మంలోకి దిగుతుంది. మూడోది సమయం. తలరంగుని అరగంటలో కడిగేస్తారు. కోన్ ముద్దని కడిగేసినా దాని మరక వారం పైగా అక్కడే ఉంటుంది.

చర్మంలోకి దిగిన పి.పి.డి.ని శరీరం శత్రువుగా గుర్తుపెట్టుకునే అవకాశం చాలా ఎక్కువ. అమెరికాలో చర్మవైద్యుల సంఘం ఒకటి ఏటా 'ఈ ఏటి అలర్జీ కారకం' అని ఒక పదార్థాన్ని ప్రకటిస్తుంది, 2006లో ఆ పేరు పి.పి.డి.కే దక్కింది. గుర్తుపెట్టుకోవడం అంటే ఏమిటో ఒక ఉదాహరణతో తెలుస్తుంది.

ఒక అమ్మాయిని ఊహించుకుందాం. 12 ఏళ్లప్పుడు పెద్ద దర్గా ఉరుసుకి వెళ్లి, దారిపక్కన కూర్చున్న వాళ్ల దగ్గర చేతి వెనకవైపు నల్లటి తీగ డిజైన్ వేయించుకుంది. ఆ రోజు ఏమీ కాలేదు. మర్నాడూ కాలేదు. పదో రోజున మరక వెలిసిపోతున్నప్పుడు ఆ గీతల వెంబడి కొంచెం దురద పుట్టింది, రెండు రోజుల్లో తగ్గింది. చెమటకాయలనుకున్నారు. నిజానికి ఆ పది రోజుల్లో ఆమె రక్తంలోని రక్షణ కణాలు పి.పి.డి.ని గుర్తుపట్టడం నేర్చుకున్నాయి, అలా నేర్చుకోవడానికి సాధారణంగా ఒకటి రెండు వారాలు పడుతుంది. కొందరిలో ఆ దురద కూడా ఉండదు, చడీచప్పుడు లేకుండానే అయిపోతుంది. అందుకే 'పోయినసారి పెట్టుకుంటే ఏమీ కాలేదు కదా' అన్న ధైర్యానికి విలువ లేదు.

18 ఏళ్లప్పుడు పిన్నికూతురి పెళ్లిలో మళ్లీ అదే నల్ల కోన్. ఈసారి శరీరానికి పాఠం వచ్చు. మర్నాటి సాయంత్రానికి మంట, దురద. రెండో రోజుకి గీసిన తీగ, ఆకు, మొగ్గ ఏవి ఎక్కడ ఉన్నాయో అచ్చంగా అక్కడే ఉబ్బి, నీటిబొబ్బలు లేచాయి. డిజైన్ బయట ఒక్క మిల్లీమీటరు కూడా ఎర్రబడలేదు. ఈ ఆకారమే చర్మవైద్యులు చూడగానే పట్టేసే గుర్తు, దోమకాటుకో వేడికో వచ్చిన దద్దురు ఇంత చక్కగా తీగలా రాదు. మందులతో బొబ్బలు ఎండాయి. కానీ ఆ డిజైన్ నెలల తరబడి తెల్లని మచ్చగా చేతి మీద ఉండిపోయింది. మన ఛాయల్లో ఈ తెలుపు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. కొందరికి అక్కడ గడ్డలా ఉబ్బిన మచ్చ కూడా మిగులుతుంది.

35 ఏళ్లకి పాపిట దగ్గర తెల్లవెంట్రుకలు మొదలయ్యాయి. కెమికల్ డై ఎందుకులే అని, ప్యాకెట్ మీద ఆకుల బొమ్మ, 'హెర్బల్ బ్లాక్ మెహందీ' అన్న పేరు చూసి కొన్నది. తలకి పూసి గంటలో కడిగేసింది. మర్నాడు పొద్దున లేచేసరికి రెండు కనురెప్పలూ ఉబ్బి కళ్లు తెరుచుకోవడం లేదు, చెవుల వెనక నీరు కారుతోంది. తల మీద మాత్రం పెద్దగా ఏమీ లేదు. తల చర్మం మందం, కనురెప్పది పల్చని కాగితం లాంటి చర్మం, కాబట్టి రంగు వేసింది తలకైనా దెబ్బ కంటికి తగులుతుంది. దాంతో చాలామంది కంటి డాక్టరు దగ్గరికో, 'తిన్నది పడలేదు' అనుకుని ఇంకెక్కడికో పోతారు. సంగతి తెలిసిన చర్మవైద్యులైతే అడిగే మొదటి ప్రశ్నల్లో ఇదొకటి: "చిన్నప్పుడెప్పుడైనా చేతికి నల్ల మెహందీ పెట్టుకున్నావామ్మా?"

ఈ అలర్జీ ఒకసారి వస్తే సాధారణంగా జీవితాంతం ఉంటుంది. పైగా ఒక్క తలరంగుతో ఆగదు. పి.పి.డి.ని పోలిన రసాయనాలు ఇంకా ఉన్నాయి: కొన్ని ముదురు రంగుల బట్టల అద్దకాలు, పుండ్ల నొప్పికి రాసే బెంజొకెయిన్ మందు, కొన్ని సల్ఫా మందులు. అందరికీ అన్నీ పడవని కాదు, పడకపోయే అవకాశం పెరుగుతుందని అర్థం. తలరంగుల్లో పి.పి.డి.కి బదులుగా వాడే టొలుయిన్ డయామిన్ కూడా వీళ్లలో చాలామందికి పడదు, కాబట్టి 'పి.పి.డి. లేదు' అన్న డబ్బా కూడా భరోసా కాదు.

ఆ ప్యాకెట్ మీదున్న 'హెర్బల్' గురించి. నల్ల మెహందీ పొడుల్లో గోరింటాకు ఉంటుంది, అది అబద్ధం కాదు. ఆకుతో పాటు పి.పి.డి., దాన్ని నల్లబరిచే పెరాక్సైడ్ రకం పొడి కూడా ఉంటాయి. ముందువైపు ఆకు బొమ్మ, వెనకవైపు చీమల్లాంటి అక్షరాల్లో పారా ఫినైలీన్ డయామిన్. 'అమ్మోనియా లేదు' అన్న మాట ఇంకా తప్పుదారి పట్టిస్తుంది. అమ్మోనియా ఘాటు వాసన కలిగినదే తప్ప ఈ అలర్జీకి దానితో పనే లేదు. అమ్మోనియా తీసేసి పి.పి.డి. ఉంచిన రంగులు బోలెడు. మన దేశంలో పి.పి.డి. ఉన్న తలరంగు డబ్బా మీద హెచ్చరిక ఇంగ్లిష్‌లోనూ స్థానిక భాషలోనూ ఉండాలన్నది నియమం. చర్మానికి పడకపోవచ్చు, ముందుగా కొంచెం రాసి చూడండి, కనుబొమలకూ రెప్పలకూ వాడితే చూపు పోవచ్చు అన్నదే ఆ హెచ్చరిక సారాంశం. 'హెర్బల్' అన్న ప్యాకెట్ మీద ఈ వాక్యం కనిపిస్తే ఇంక అనుమానం అక్కర్లేదు, అది రంగు డబ్బానే. పదార్థాల జాబితాలో పి.పి.డి. పేరు లేకుండా సి.ఐ. 76060 అన్న సంఖ్య ఉన్నా అది ఇదే.

కోన్ల సంగతి ఇంత తేలిక కాదు, చాలావాటి మీద జాబితానే ఉండదు. అక్కడ కళ్లూ ముక్కూ గడియారమే దిక్కు. స్వచ్ఛమైన ముద్ద ఆకుపచ్చ గోధుమ రంగులో ఉంటుంది, ఎండుగడ్డి వాసన వేస్తుంది, ఏ తైలం కలిపితే ఆ వాసన తోడవుతుంది. నల్ల కోన్ నుంచి పిండుతుంటేనే తారులా నల్లగా వస్తుంది. పెట్టే మనిషిని ఒక ప్రశ్న అడిగితే చాలు: ఎంతసేపు ఉంచాలి? 'అరగంట చాలక్కా, కడిగేయ్' అంటే లేచి రావడం మంచిది. ఇంట్లో అయితే బఠాణీ గింజంత ముద్దని తెల్లటి దూది మీద పెట్టి అరగంట ఆగి చూడొచ్చు. స్వచ్ఛమైనదైతే దూదికి నారింజ, పసుపు చాయ పాకుతుంది. ముద్ద చుట్టూ నలుపో, ఊదా గోధుమో పరుచుకుంటే కలిపిన రంగు ఉన్నట్టే. పొడి అయితే తెల్ల పళ్లెంలో తడిపి చూడొచ్చు. నీళ్లు పోసిన వెంటనే ఊటలా చిక్కటి ఆకుపచ్చ దిగితే, పాత పొడిని తాజాగా చూపించడానికి పచ్చరంగు కలిపారని అర్థం. అలాగని దూది పరీక్ష నెగ్గిన ప్రతి కోనూ మంచిది కాదు. నల్లగా కాక వెంటనే ముదురు ఎరుపుగా దిగే 'ఇన్‌స్టంట్' కోన్లలో సోడియం పిక్రమేట్ అనే ఇంకో రంగు పరీక్షల్లో బయటపడింది, అది దూది మీద నల్లగా కనిపించదు. అక్కడా గడియారమే సాక్ష్యం: పది నిమిషాల్లో ముదురు ఎరుపు ఇచ్చేది ఆకు కాదు. నిక్కచ్చిగా తేల్చాలంటే ల్యాబ్ తప్ప దారి లేదు.

మరి తెల్లజుట్టుని మొక్కతోనే నల్లగా చేయలేమా? చేయొచ్చు, కానీ గోరింటాకు ఒక్కదానితో కాదు. ఒక్క గోరింటాకు తెల్లవెంట్రుకని రాగిరంగు నారింజగా మారుస్తుంది. దాని మీద నీలి ఆకు పొడి వేస్తే రెండూ కలిసి నలుపవుతాయి. ఈ నీలి కడపకి కొత్తేమీ కాదు. 19వ శతాబ్దంలో మద్రాసు ప్రెసిడెన్సీలో నీలిమందు బాగా పండిన జిల్లాల్లో కడప ముందు వరసలో ఉండేది. జర్మనీలో కృత్రిమ నీలి తయారై 1897 నుంచి బజారు నిండా వచ్చేసరికి ఆ సాగు దెబ్బతింది. ఇప్పుడు తలరంగు కోసం నీలి ఆకు పొడి మళ్లీ ప్యాకెట్లలో దొరుకుతోంది.

భుజాల దాకా ఉన్న జుట్టుకి సుమారు 100 గ్రాముల గోరింటాకు పొడి పడుతుంది. గోరువెచ్చని నీళ్లతో పెరుగంత చిక్కగా కలిపి మూతపెట్టి నానబెట్టాలి. చలికాలంలో రాత్రంతా, మే నెల ఎండల్లో అయితే మూడు నాలుగు గంటలు సరిపోతుంది, అంతకుమించి వేడిలో ఉంచితే రంగు తగ్గుతుంది. నూనె లేని శుభ్రమైన జుట్టుకి కుదుళ్ల నుంచి పట్టించి, రెండు మూడు గంటలు ఉంచి, ఉత్త నీళ్లతో కడగాలి. తర్వాత నీలి పొడి, 100 నుంచి 150 గ్రాములు. దీన్ని నానబెట్టకూడదు. గోరువెచ్చని నీళ్లలో, అర చెంచా ఉప్పు వేసి కలిపి పది పదిహేను నిమిషాలు ఆగితే పచ్చటి ముద్ద పైన నీలం మీగడలా తేలుతుంది. అప్పుడే పూసేయాలి. ఆలస్యం చేస్తే నీలం గిన్నెలోనే పుట్టి అక్కడే అయిపోతుంది, వెంట్రుకకి పట్టదు. నీలి రంగు గాలి తగిలితేనే పుడుతుంది, ఆ పుట్టుక వెంట్రుక లోపల జరగాలి. ఇందులో నిమ్మకాయ పిండడం చాలామంది చేసే పొరపాటు. గోరింటాకుకి పనికొచ్చే పులుపు నీలిని చెడగొడుతుంది. గంట, గంటన్నర తర్వాత నీళ్లతో కడిగి, రెండు రోజులు షాంపూ జోలికి పోకూడదు. మొదట పచ్చగా, నీలంగా అనిపించి టెన్షన్ పెడుతుంది. మర్నాటికి నల్లబడుతుంది.

దీని కష్టాలు దీనికున్నాయి. సగం రోజు పోతుంది, బాత్రూం గోడలకి మరకలు, మూడు నాలుగు వారాలకి కుదుళ్ల దగ్గర తెలుపు మళ్లీ కనిపిస్తుంది. సెలూన్‌లో అరగంట పని కాదు. ఇనుప మూకుట్లో టీ డికాక్షన్‌తో నానబెట్టే పద్ధతి కూడా మన ఇళ్లలో ఉంది. అక్కడ నల్లబడేది టీలోని వగరూ ఇనుమూ కలిసిన ముద్ద, వెంట్రుకకి దిగే నలుపు స్వల్పం. స్వచ్ఛమైన ఆకుకీ ఒక హద్దు ఉంది: పసిపిల్లల చేతులకీ కాళ్లకీ గోరింటాకు పూయకపోవడమే మంచిది. జి6పి.డి. అనే ఎంజైము లోపంతో పుట్టిన పిల్లల్లో పల్చని చర్మం గుండా దిగిన లాసోన్ ఎర్రరక్తకణాలను పగలగొట్టి కామెర్లు తెప్పించగలదు. ఆ లోపం ఉందో లేదో ఆ వయసులో చాలా ఇళ్లలో తెలియదు.

నల్ల కోన్‌తో ఇప్పటికే దురద మొదలైతే సబ్బుతో, ధారగా పారే నీళ్లతో ఎక్కువసేపు కడగాలి. మరక పోదు, కానీ పైన మిగిలిన రసాయనం పోతుంది. పసుపు, టూత్‌పేస్ట్, ఇంకు రాయడం వల్ల బొబ్బలకి ఇన్ఫెక్షన్ తోడవుతుంది తప్ప ఒరిగేదేమీ లేదు. డాక్టరు రాసే స్టెరాయిడ్ క్రీమ్ ఇక్కడ అసలు మందు. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే అలర్జీ మాత్ర దురదని కొంత ఆపుతుంది, బొబ్బలని ఆపదు. ముఖం, గొంతు ఉబ్బినా, ఊపిరి ఆడకపోయినా క్రీముల సంగతి వదిలేసి ఎమర్జెన్సీకి పోవాలి. వెళ్లేటప్పుడు వాడిన కోన్‌ని, దాని కవరుని ఒక ప్లాస్టిక్ సంచిలో వేసుకుని తీసుకెళ్తే డాక్టరుకి పని తేలికవుతుంది, ఫిర్యాదు చేయదలిస్తే డ్రగ్స్ ఇన్‌స్పెక్టరుకీ అదే కావాలి.

ఇంకొక సంగతి. తలరంగు డబ్బాలు చెప్పే 'చెవి వెనక రాసి 48 గంటలు చూడండి' అన్న పరీక్ష ఇంతకుముందు ఎప్పుడూ ఏమీ కానివాళ్ల కోసం. చేతి మీద బొబ్బలు లేచిన చరిత్ర ఉన్నవాళ్లు ఆ పరీక్ష కూడా ఇంట్లో చేసుకోకూడదు, ఆ చుక్కే మళ్లీ మంట పెట్టగలదు. వాళ్లకి చర్మవైద్యుల దగ్గర ప్యాచ్ టెస్ట్ ఉంటుంది. వాసలీన్‌లో 1 శాతం పి.పి.డి. కలిపి, వీపు మీద చిన్న బిళ్లలో అంటిస్తారు. రెండు రోజులకి బిళ్ల తీసి ఒకసారి, నాలుగో రోజున ఇంకోసారి చూస్తారు. అక్కడ ఎర్రగా ఉబ్బితే ఆ ఫలితం కాగితాన్ని ఆధార్ కార్డుతో పాటు దాచుకోవడం మంచిది, సెలూన్‌లోనూ, ఏ కొత్త డాక్టరు దగ్గరైనా ముందు చూపించాల్సింది అదే.